ఏడవనని మాటిచ్చాడు నాన్న: ముప్ఫై సెకన్ల పెళ్లి రీల్ ఎలా రాస్తారు

పెళ్లి కుదిరిన ఇంట్లో ఫొటోగ్రాఫర్ వేట ఇప్పుడు స్టూడియో గుమ్మం దగ్గర మొదలవడం లేదు. రాత్రి భోజనాలయ్యాక కాబోయే పెళ్లికూతురు మంచం మీద వాలి ఫోన్‌లో రీల్స్ చూస్తుంది. నచ్చినదాన్ని అక్కకో పిన్నికో పంపుతుంది. వాళ్లకీ నచ్చితే అప్పుడు నాన్న చేత ఫోన్ చేయిస్తుంది. 2020 జూన్ చివర్లో మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. జులైలో ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ మొదలుపెట్టింది. ఒకప్పుడు స్టూడియో బల్ల మీది ఆల్బమ్ చేసిన పనిని అప్పటినుంచి ఈ రీలే చేస్తోంది.

ఈ రీల్స్‌లో చాలావాటికి ఒకటే వరస. మొదట ఆకాశం నుంచి డ్రోన్‌లో కల్యాణ మండపం, తర్వాత పూల అలంకరణ, నగలు, అద్దం ముందు పెళ్లికూతురు, నెమ్మదిగా తిరిగే పెళ్లికొడుకు, వెనక ఒక సినిమా పాట, చివర్లో బంగారు రంగు లోగో. కెమెరా పనితనానికి వంక పెట్టలేం. కానీ చూసిన పది నిమిషాలకు అది ఎవరి పెళ్లో, అందులో ఏం జరిగిందో చెప్పమంటే చెప్పలేం. లోపం షూటింగ్‌లో లేదు. అసలు ఏదీ రాసుకోకుండానే ఎడిటింగ్‌కు కూర్చున్నారు.

రాసుకోవడమంటే పేజీల కొద్దీ డైలాగులు కాదు. ముప్ఫై సెకన్ల రీల్‌లో మూడు క్షణాలకు చోటుంటుంది. నాలుగోది పెడితే ఏదీ నిలవదు. ఆ మూడూ వేర్వేరు అందమైన దృశ్యాలైతే చాలదు, ఒకే మనిషి కథలో మూడు మెట్లు కావాలి. మొదటి క్షణం ఒక మాటో ఆశో భయమో మన ముందుంచాలి. రెండోది దాన్ని ఇరకాటంలో పెట్టాలి. మూడోది తేల్చాలి. నా మట్టుకు ఆ మనిషి పెళ్లికూతురో పెళ్లికొడుకో కాకపోతేనే మంచిది. వాళ్లిద్దరికీ కెమెరా తమ మీదే ఉందని ప్రతి నిమిషం తెలుసు, ముఖం సర్దుకుని ఉంటారు. తల్లి, తండ్రి, మేనమామ, నాయనమ్మ, తమ్ముడు అలా కాదు. వాళ్లను ఎవరూ పట్టించుకోరు కాబట్టి వాళ్ల ముఖాల్లో ఏదీ దాగదు. పైగా బుక్ చేసుకునే కుటుంబం ఆ ముఖాల్లోనే తమవాళ్లను చూసుకుంటుంది.

ఒక పెళ్లి తీసుకుందాం. ఊహించినదే అయినా కోస్తా జిల్లాల్లో ఏ ఊళ్లోనైనా జరిగేలాంటిదే. ముహూర్తం రాత్రి పదకొండు దాటాక. కథ తండ్రిది. రాసుకున్న స్క్రిప్టు ఇంతే:

మొదటి మూడు సెకన్లు: పెళ్లికూతురి గది. తలుపు దగ్గర తండ్రి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. తెర మీద అక్షరాలు: ఏడవనని మాటిచ్చాడు నాన్న.

మూడు నుంచి తొమ్మిది: కూతురి గొంతు. "నాన్నా, అప్పగింతలప్పుడు నువ్వు ఏడవకూడదు. నువ్వేడిస్తే నేనాగలేను." తండ్రి నవ్వు. "ఏడవనులే తల్లీ."

తొమ్మిది నుంచి పద్దెనిమిది: జీలకర్ర బెల్లం. అడ్డుతెర, రెండు వైపుల నుంచి తలల మీదికి వెళ్తున్న చేతులు. గట్టిమేళం. తెర దిగుతుంది, పెళ్లికూతురు కళ్లెత్తుతుంది. వెంటనే తండ్రి. చుట్టూ అందరూ అక్షింతలు వేస్తున్నారు, ఆయనవి మాత్రం గుప్పిట్లోనే ఉండిపోయాయి.

పద్దెనిమిది నుంచి ఇరవై ఆరు: అప్పగింతలు. పాలలో ముంచిన కూతురి చేతులు అత్తగారి అరచేతుల్లో. తర్వాత తండ్రి ముఖం. కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకుంటున్నాడు. తెర మీద రెండే మాటలు: మాట తప్పాడు.

చివరి నాలుగు సెకన్లు: మీ పెళ్లి తేదీ చెప్పండి. మేం వస్తాం. కింద స్టూడియో పేరు, ఊరు.

ఇందులో మండపం అలంకరణ లేదు, నగలు లేవు, డ్రోన్ లేదు. అవన్నీ పెద్ద వీడియోలో ఉంటాయి, ఉండాలి కూడా. కథకు అక్కర్లేదు కాబట్టి ఇక్కడికి రాలేదు. మొదటి వాక్యం పడగానే చూసేవాళ్లకు ఒక సందేహం పట్టుకుంటుంది: ఏడ్చాడా లేదా? ఆ సందేహమే వాళ్లను ఇరవై ఆరో సెకను దాకా కూర్చోబెడుతుంది. స్టూడియో లోగోతోనో డ్రోన్‌తోనో మొదలైన రీల్‌కు ఆ బలం ఉండదు, వేలు కదిలితే తర్వాతి రీల్ వచ్చేస్తుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. తండ్రి ఏడుస్తాడో లేదో పెళ్లికి ముందే ఎలా రాస్తారు? రాయరు, రాయకూడదు. పెళ్లికి ముందు రాసుకునేది కెమెరాలు ఎక్కడుండాలి, ఎవరి మీద ఉండాలి అన్నదే. తెర మీది మాటలు షూటింగ్ అయ్యాక, ఏం జరిగిందో చూసుకుని రాయాలి. ఆ తండ్రి నిజంగానే ఏడవకపోతే చివరి అక్షరాలు "మాట నిలబెట్టుకున్నాడు" అని మారతాయి. అప్పుడు మూడో క్షణంలో కారు కదిలాక తండ్రి భుజం పట్టుకుని ఏడుస్తున్న తల్లి వస్తుంది. నిజం చెప్పాలంటే అదే ఇంకా గట్టి ముగింపు.

మొదటి క్షణం సంగతీ అంతే. పెళ్లికూతురికి డైలాగు రాసిచ్చి చెప్పిస్తే అది పాఠం అప్పజెప్పినట్టే ఉంటుంది, ముందు కనిపెట్టేది ఆ ఇంటివాళ్లే. ఫొటోగ్రాఫర్ చేయగలిగింది ఒక్కటుంది. గౌరీపూజకు ముందు, అలంకరణ అయిపోయాక, తండ్రిని ఒక్క ఐదు నిమిషాలు గదిలోకి పంపమని అడగాలి. మేకప్ చేసేవాళ్లను, పిల్లలను బయటికి పిలవాలి. కెమెరా ఒక మూలన పెట్టి నోరు మూసుకోవాలి. వాళ్లు ఏదో ఒకటి మాట్లాడుకుంటారు. భోజనాల లెక్క గురించి మాట్లాడుకున్నా ఆ గొంతులో కథ ఉంటుంది, మొదటి వాక్యం దాన్నిబట్టి మారుతుంది. ఏర్పాటు చేయొచ్చు, నటింపజేయకూడదు. "అంకుల్, ఇందాకటిలా ఇంకోసారి కళ్లు తుడుచుకోండి" అని అడిగే వీడియోగ్రాఫర్లు ఉన్నారు. అలా అడిగించుకున్న తండ్రి ఆ తర్వాత కెమెరా కనబడినప్పుడల్లా బిగుసుకుపోతాడు, మిగతా పెళ్లంతా పోయినట్టే.

ఇక రెండో క్షణం. మొత్తం పెళ్లిలో తీయడం కష్టమైంది ఇదే, అందుకే కాస్త ఆగి చెప్పుకోవాలి. అడ్డుతెర దిగడానికి పట్టేది ఒకటి రెండు సెకన్లు. ముహూర్తం పంచాంగం ప్రకారం, మన కోసం ఆగదు. ఆ సమయానికి బంధువులందరూ ఫోన్లు ఎత్తి ముందుకు తోసుకొస్తారు. తెరకు ఒకవైపు నిలబడితే రెండో వైపు ముఖం దొరకదు. కాబట్టి పెళ్లికొడుకు భుజం మీదుగా పెళ్లికూతురిని చూసే కెమెరా ఒకటి, ఎదుటివైపు నుంచి అతణ్ని చూసేది ఒకటి, కేవలం తండ్రి మీద ఒకటి కావాలి. మనుషులు ఇద్దరే ఉంటే? పెళ్లికొడుకు మీది కెమెరాను స్టాండు మీద వదిలేయాలి కానీ తండ్రిని వదలకూడదు. తెర దిగడం అందరి ఫోన్లలోనూ ఉంటుంది, తండ్రి గుప్పిట్లోని అక్షింతలు ఇంకెవరి దగ్గరా ఉండవు.

అరగంట ముందే పురోహితుడిని కలిసి తెర ఎవరు పట్టుకుంటారో, ఎటువైపు దించుతారో అడిగి పెట్టుకోవడం మంచిది. చాలామంది పంతుళ్లు సంతోషంగా చెబుతారు, కొందరైతే దించే ముందు మనవైపు చూసి తల కూడా ఊపుతారు. ఆయనను ముహూర్తం దాటించమనో, మళ్లీ తెర పట్టమనో అడగడం మాత్రం తగని పని.

నిలువు తెర ఇంకో చిక్కు తెస్తుంది. పెళ్లి వీడియో అడ్డంగా తీస్తాం, రీల్ నిలువుగా ఉంటుంది. అడ్డంగా తీసిన బొమ్మను నిలువుగా కత్తిరిస్తే వెడల్పులో మూడో వంతు కూడా మిగలదు. తెరకు చెరోపక్క ఉన్న ఇద్దరి ముఖాలూ అందులో పట్టవు, మధ్యలో తెర మాత్రమే పడుతుంది. ఫోర్‌కేలో తీసి ఉంటే కనీసం ఒక ముఖాన్ని స్పష్టంగా కత్తిరించుకోవచ్చు. మామూలు ఫుల్ హెచ్‌డీలో తీసి ఉంటే 1920 చుక్కల వెడల్పులో 607 మిగులుతాయి. రీల్‌కు 1080 కావాలి, సాగదీస్తే మసక తేలుతుంది. అందుకే తండ్రి మీది కెమెరాను మొదటినుంచీ నిలువుగానే పట్టుకోవాలి.

రాత్రి ముహూర్తాల్లో వెలుతురు మోసం చేస్తుంది. మండపం చుట్టూ చౌక ఎల్‌ఈడీ లైట్లుంటే వీడియోలో నల్లటి చారలు పైకీ కిందికీ పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ వేగం సెకనులో 50వ వంతో 100వ వంతో పెట్టుకుంటే చాలావరకు పోతాయి. అలా పోని లైట్లూ ఉంటాయి. ముహూర్తానికి గంట ముందు కెమెరాను ఆ లైటు వైపు తిప్పి పది సెకన్లు తీసి చూస్తే తెలిసిపోతుంది. అప్పుడైతే డెకరేషన్ వాళ్లతో మాట్లాడి ఒక లైటు ఆర్పించొచ్చు. ముహూర్తం దాటాక ఏ ఎడిటరూ ఆ చారలను పూర్తిగా తీసేయలేడు.

బొమ్మ కంటే రీల్‌ను ఎక్కువగా నిలబెట్టేది శబ్దం. స్టూడియోలు దానికిచ్చే విలువ చాలా తక్కువ. మన స్క్రిప్టులో మూడు క్షణాలకు మూడు రకాల శబ్దాలున్నాయి. గదిలో తండ్రీకూతుళ్ల గొంతులు. వీటికి తండ్రి కండువా మడతలో దాచిన చిన్న వైర్‌లెస్ మైక్ కావాలి, అది పెడుతున్నట్టు ఆయనకు చెప్పి పెట్టాలి. ఈ ముక్కను స్లోమోషన్ చేయకూడదు, చేస్తే మాట పోతుంది. తెర దిగేటప్పుడు గట్టిమేళం. డోలు, నాదస్వరం ఒక్కసారిగా అందుకునే ఆ హోరు తెలుగువాళ్లెవరికైనా ముహూర్తం పడిందని చెప్పకుండానే చెబుతుంది, అంత పని ఏ సినిమా పాటా చేయలేదు. మేళం వాళ్ల పక్కనే రికార్డర్ పెట్టి శబ్దం చీలిపోకుండా స్థాయి తగ్గించుకోవాలి. ఇక్కడ తెరను సగం వేగానికి తగ్గించొచ్చు, మేళం మాత్రం అసలు వేగంలోనే నడవాలి. అప్పగింతల దగ్గర సంగీతం అక్కర్లేదు. ఆ గదిలో ఏం వినిపించిందో అదే: ముక్కు చీదడం, గాజులు, "జాగ్రత్తమ్మా" అన్న ఎవరిదో మాట.

సినిమా పాట పెట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో వ్యాపార ఖాతాలకు చాలా సినిమా పాటలు వాడే వీలుండదు, హక్కులున్న కంపెనీ అభ్యంతరం చెబితే రీల్ మూగబోతుంది, లేదా తీసేస్తారు. పెళ్లిలో ఆ పాట మోగించడం వేరు, దాన్ని మన వ్యాపార ప్రకటనలో వాడడం వేరు. మేళం వాళ్లు నాదస్వరం మీద సినిమా బాణీ వాయిస్తుంటే ఆ ముక్క కూడా వదిలేయడమే క్షేమం.

చాలామంది రీల్స్‌ను శబ్దం లేకుండా చూస్తారు కాబట్టి గదిలోని సంభాషణను అక్షరాల్లోనూ వేయాలి. అక్షరాలు మధ్యలోనో కాస్త పైనో ఉండాలి. అడుగున ఖాతా పేరు, వివరణ వచ్చి కప్పేస్తాయి, కుడిపక్క గుర్తులు అడ్డొస్తాయి. ఆ అక్షరాలు ఆ ఇంటి భాషలో ఉండాలి. కరీంనగర్ వైపు పెళ్లికూతురు తండ్రిని బాపూ అని పిలుస్తుంటే అక్కడ "ఏడ్వనని మాటిచ్చిండు బాపు" అనే పడాలి. పుస్తకాల తెలుగులో "జనకుని వాగ్దానం" అని వేస్తే కథ అక్కడే చచ్చిపోతుంది.

ఇక చివరి వాక్యం. చూసేవాళ్ల గొంతు పట్టేసిన చోట వ్యాపారం మాట ఎత్తాలి. చాలా రీల్స్ ఇక్కడే దెబ్బతింటాయి. "తక్కువ ధరలో బెస్ట్ క్వాలిటీ, ప్రీ వెడ్డింగ్, క్యాండిడ్, డ్రోన్, ఎల్‌ఈడీ వాల్, ఆల్బమ్ ఫ్రీ, వెంటనే సంప్రదించండి" అని ఒక బోర్డు నిండా రాసి, కింద మూడు ఫోన్ నంబర్లు వేస్తారు. నాలుగు సెకన్లలో దాన్ని ఎవరూ చదవలేరు, చదివినా అప్పటిదాకా నమ్మిన కథంతా ఈ బోర్డు కోసమేనా అనిపిస్తుంది. తెర మీద ఉన్నంతసేపట్లో పైకి రెండుసార్లు చదవగలిగేంత పొట్టిగా ఉండడం దానికి కొలత. "మీ పెళ్లి తేదీ చెప్పండి. మేం వస్తాం." ఇందులో అడిగింది ఒక్కటే, తేదీ. ధర కాదు, ఫోన్ కాదు. కారణం మన పెళ్లిళ్లలోనే ఉంది. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లుండవు, శ్రావణమో మాఘమో వచ్చేసరికి ఒకే ముహూర్తానికి ఊరంతా పెళ్లిళ్లు. ఆ రోజు స్టూడియో ఖాళీగా ఉందా లేదా అన్నదే ఇద్దరికీ మొదటి ప్రశ్న. తేదీ పంపినవాళ్లకు ఉందనో లేదనో వెంటనే చెప్పొచ్చు, మాట అక్కడినుంచి మొదలవుతుంది. ఖాళీ ఉండగానే "కొన్ని తేదీలే మిగిలాయి, త్వరపడండి" అని భయపెట్టడం అబద్ధం. తండ్రి కన్నీళ్ల తర్వాత అబద్ధం చెప్పకూడదు.

పోస్ట్ చేసే ముందు తప్పనిసరిగా చేయాల్సింది ఒకటుంది, చాలా స్టూడియోలు దాన్ని మర్యాద కోసం చేసే పని అనుకుంటాయి. అది చట్టం కూడా. కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకు, వీడియోలకు మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే, వేరే ఒప్పందం రాసుకుంటే తప్ప. అంటే పెళ్లివారి అనుమతి లేకుండా వాళ్ల పెళ్లి ముక్కలతో స్టూడియో తన ప్రకటన చేసుకోవడానికి లేదు. బుకింగ్ కాగితంలో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఇరికించి సరిపెట్టుకోవడం నాకు నచ్చదు. పూర్తయిన రీల్‌ను ముందు పెళ్లికూతురికి, ఆ తండ్రికి పంపాలి. ముఖ్యంగా ఆయనకు. కళ్లు తుడుచుకుంటున్న తన ముఖం లోకమంతా చూడడం ఇష్టమో కాదో చెప్పాల్సింది ఆయనే. వద్దంటే ఆ రీల్ ఆ ఇంటికి కానుకగా ఇచ్చేయాలి, ఇంకో పెళ్లి కథ వెతుక్కోవాలి.

అనుమతి వచ్చాక ఒక పరీక్ష మిగులుతుంది. ఆ పెళ్లికి రాని ఒకరికి శబ్దం ఆపేసి రీల్ చూపించండి, ఏం జరిగిందో చెప్పమనండి. "వాళ్ల నాన్న ఏడవనన్నాడు, పాపం ఏడ్చేశాడు" అంటే స్క్రిప్టు పనిచేసింది. "బాగా తీశారు, ఏ కెమెరా?" అంటే పనిచేయలేదు, మళ్లీ ఎడిటింగ్‌కు కూర్చోవాలి. పోస్ట్ చేశాక చూసేవాళ్లు ఏ సెకను దగ్గర వదిలేస్తున్నారో ఆ ఖాతా గణాంకాల్లో గీతగా కనిపిస్తుంది. మూడో సెకను దగ్గరే గీత పడిపోతే మొదటి వాక్యం మార్చాలి. పద్దెనిమిది దగ్గర పడితే జీలకర్ర బెల్లం ముక్క పొడవైందని అర్థం.

వారం గడిచాక లైకులు లెక్కపెట్టుకోకండి. సాటి ఫొటోగ్రాఫర్లు పెట్టిన నిప్పు గుర్తులన్నీ వాటిలోనే ఉంటాయి. ఎంతమంది ఇంకొకరికి పంపారో చూడండి, ఆ తర్వాత మెసేజ్‌లు తెరిచి అందులో తేదీ రాసి ఉన్నవి ఎన్నో చూడండి. ఆ రీల్ మీకు తెచ్చిన పని అంతే.